అమ్మకి అందాలి, అబ్బాయికి పట్టాలి

గుంటూరులో నాకు తెలిసిన ఒక ఇంట్లో కారు నడిపేవాళ్లు ఇద్దరు. తల్లి హైస్కూల్లో లెక్కల టీచరు. ఎత్తు నాలుగడుగుల పది అంగుళాలు. కొడుకు ఉద్యోగస్థుడు, ఆరడుగుల రెండంగుళాలు. పాత కారు అమ్మేసి కొత్తది తీసుకోవాలనుకున్నారు. వారంలో అయిదు రోజులు ఆవిడ బడికి వేసుకెళ్తారు, శని ఆదివారాలు అబ్బాయి చేతికొస్తుంది. కార్లు చూడటానికి నన్నూ రమ్మంటే వెళ్లాను. "వాడి తల పైన తగలకూడదు, నాకు రోడ్డు కనపడాలి. అంతేగా?" అన్నారు ఆవిడ బయల్దేరేముందు.

అంతటితో అయిపోతే బాగానే ఉండేది. మన షోరూముల్లో మైలేజీ చెబుతారు, డిక్కీలో ఎన్ని లీటర్ల సామాను పడుతుందో చెబుతారు, నేల నుంచి కారు అడుగు ఎంత ఎత్తులో ఉందో మిల్లీమీటర్లతో సహా చెబుతారు. డ్రైవరు సీటు మీద నుంచి పైకప్పుకి ఎంత జాగా ఉందో, స్టీరింగు ఎంత ముందుకీ వెనక్కీ జరుగుతుందో చాలా బ్రోషర్లలో వెతికినా దొరకదు. చెప్పులకైనా సైజు చూసి కొనే మనం, పదిహేనేళ్లు కూర్చోబోయే సీటుకి చూడం.

కార్ల కంపెనీలు మనిషి కొలత తీసుకోకుండా డిజైన్ చేస్తాయని కాదు. అమెరికాలో ప్రమాద పరీక్షల కోసం తయారైన బొమ్మల్లో మూడు సైజులు ప్రసిద్ధం. మధ్యరకం మగవాడి బొమ్మ సుమారు 175 సెంటీమీటర్లు, పొడుగు మగవాడిది సుమారు 188, పొట్టి మహిళది సుమారు 150. ఈ చివరి బొమ్మకి అర్థం ఏమిటంటే, అమెరికన్ మహిళల్లో నూటికి అయిదుగురు మాత్రమే అంతకంటే పొట్టిగా ఉంటారని. అక్కడ అంచున ఉన్న ఆ కొలత మన దగ్గర చాలా మామూలు. మన దేశంలో మహిళల సగటు ఎత్తే అయిదడుగులకు దగ్గర్లో ఉంటుంది. అంటే అక్కడి లెక్కలో 'బాగా పొట్టి' అనిపించుకునే మనిషి ఇక్కడ మన పక్కింటావిడ. మా టీచరుగారు ఆ చిన్న బొమ్మకంటే కాస్త తక్కువ, అబ్బాయి సరిగ్గా పెద్ద బొమ్మంత. ఒక కారు సీటు, స్టీరింగు ఎంత మేరకు సర్దుకోగలవో తేల్చడానికి ఇంతకంటే మంచి జంట దొరకదు.

ముందు ఒక మాట తెలిసుండాలి. ఎత్తు అనే ఒక్క అంకె కారుకి ఏమీ చెప్పదు. అయిదడుగుల ఇద్దరిని నిలబెడితే సమానంగా కనపడతారు, కూర్చోబెడితే ఒకరి కళ్లు రెండో వాళ్ల కళ్లకంటే రెండంగుళాలు పైన ఉండొచ్చు. కాళ్లు పొడుగున్నవాళ్లకి మొండెం పొట్టి, మొండెం పొడుగున్నవాళ్లకి కాళ్లు పొట్టి. కారుకి కావలసినవి మూడు కొలతలు: తుంటి నుంచి పాదం దాకా ఎంత, తుంటి నుంచి కన్ను దాకా ఎంత, భుజం నుంచి మణికట్టు దాకా ఎంత. కారు డిజైనర్లు కూడా తుంటి కీలు ఉండే బిందువునే మొదలుగా పెట్టుకుని మిగతాదంతా గీస్తారు. అందుకే ఎవరో అదే ఎత్తున్న బంధువు 'నాకు బాగుంది' అన్నారని ఆ కారు మీకూ బాగుంటుందని నమ్మకూడదు.

మేము చూసిన మొదటి కారు ఒక చిన్న ఎస్‌యూవీ. సేల్స్ కుర్రాడు ఆవిడ ఎత్తు చూడగానే అటే తీసుకెళ్లాడు. "మేడమ్, ఇందులో అంతా పైనుంచి కనపడుతుంది, మీకు ఇదే కరెక్టు" అన్నాడు. ఈ సలహా మన ఊళ్లలో అందరూ ఇస్తారు, పొట్టివాళ్లు ఎస్‌యూవీ కొనుక్కుంటే సరిపోతుందని. సగం నిజం. కారు ఎత్తు మీద ఉంటే దూరపు ట్రాఫిక్ బాగా కనపడుతుంది. దగ్గరది కనపడాలంటే మాత్రం మీ కన్ను రోడ్డు మీద నుంచి ఎంత ఎత్తులో ఉందన్నది ఒక్కటే చాలదు, బానెట్ అంచుకంటే ఎంత పైన ఉందో కూడా చూడాలి. కారు పెరిగినకొద్దీ బానెట్టూ పెరుగుతుంది, కిటికీల కింది గీతా పెరుగుతుంది.

లెక్కల టీచరు కదా, ఆవిడ చేతే లెక్క కట్టించాను. కన్ను నేల నుంచి 135 సెంటీమీటర్ల ఎత్తున ఉందనుకుందాం. బానెట్ ముందు అంచు 105 సెంటీమీటర్లు, అది కంటికి రెండు మీటర్ల దూరంలో ఉంది. కంటి నుంచి ఆ అంచు మీదుగా ఒక గీత గీస్తే అది నేలని ఎక్కడ తాకుతుంది? సరూప త్రిభుజాల లెక్కే. కంటి నుంచి తొమ్మిది మీటర్లకు. అంటే బానెట్ ముందు ఏడు మీటర్ల దాకా నేల కనపడదు. రోడ్డు మీద గుంట ఆ ఏడు మీటర్లలో ఉంటే లేనట్టే, కూర్చుని ఆడుకుంటున్న చిన్న పిల్లవాడు, పడుకున్న కుక్క కూడా బానెట్‌కి దగ్గరగా ఉంటే అంతే. ఇప్పుడు సీటుని అయిదు సెంటీమీటర్లు పైకెత్తితే కన్ను 140కి వస్తుంది. గీత నేలని తాకే చోటు ఎనిమిది మీటర్లకు వచ్చేస్తుంది, అంటే బానెట్ ముందు ఆరు మీటర్లు. రెండంగుళాలు పైకి జరిగితే ఒక మీటరు రోడ్డు తిరిగొచ్చింది. ఇవి నేను ఉదాహరణకి తీసుకున్న కొలతలే. ఏ కారుకి ఆ కారు వేరుగా ఉంటుంది, కొన్నిట్లో బానెట్ కంటే ముందు డ్యాష్‌బోర్డే అడ్డమొస్తుంది.

దీన్ని షోరూము బయట పరీక్షించడం తేలిక. కారులో మీరు కూర్చోండి, సీటు మీకు నప్పినట్టు సర్దుకోండి. ఇంకొకరిని ఒక మంచినీళ్ల సీసా బానెట్ ముందు నేల మీద నిలబెట్టి మెల్లగా ముందుకు జరుపుకుంటూ పొమ్మనండి. సీసా మూత కనపడగానే ఆపమనండి. ఆ దూరం అడుగులతో కొలవండి. రెండు మూడు కార్లకి ఇదే చేస్తే, ఏ కారు పైనుంచి చూపిస్తుందో, ఏది చూపించినట్టు భ్రమ పెడుతుందో తెలిసిపోతుంది. ఆ ఎస్‌యూవీలో మా సీసా చాలా దూరం పోయింది. సేల్స్ కుర్రాడు సెన్సర్ల గురించి చెప్పడం మొదలుపెట్టాడు. వెనక సెన్సర్లున్నాయి నిజమే, మేమడిగింది ముందు సంగతి.

ఆ కారులో అసలు చిక్కు చూపు దగ్గర రాలేదు, ఛాతీ దగ్గర వచ్చింది. అది అర్థం కావాలంటే సీటు ఏ వరసలో సర్దుకోవాలో తెలియాలి. చాలామంది ముందు సీటు ముందుకు లాక్కుంటారు, తర్వాత ఎత్తు పెంచుకుంటారు. తిరగేసి చేయాలి. మొదట ఎత్తు, ఎందుకంటే సీటు పైకి లేచినప్పుడు పాదానికీ పెడల్‌కీ దూరం మారిపోతుంది. కంటి ముందు స్టీరింగు పైఅంచు మీదుగా రోడ్డు బాగా కనపడేంత దాకా లేపాలి. తర్వాత ముందుకు జరుపుకుని ఎడమ పాదంతో క్లచ్‌ని పూర్తిగా, నేలకు ఆనేదాకా తొక్కాలి. తొక్కినప్పుడు కూడా మోకాలు కొంచెం వంగి ఉండాలి, వీపు సీటుని వదలకూడదు. మూడోది సీటు వీపు వాలు. ఆఖర్న స్టీరింగు.

బ్రేకు చూసేటప్పుడు ఇంజను ఆన్‌లో ఉండాలి. ఇంజను ఆపి ఉన్న కారులో బ్రేకుని రెండు మూడుసార్లు తొక్కితే పెడల్ రాయిలా బిగుసుకుంటుంది, ఎందుకంటే దానికి సాయపడే వాక్యూమ్ అయిపోతుంది. అప్పుడు పెడల్ పైనే ఆగిపోతుంది కాబట్టి పొట్టి కాళ్లకి కూడా భలే అందుతున్నట్టు ఉంటుంది. ఇంజను నడుస్తుండగా, ఎదురుగా ఏదో వచ్చినట్టు ఊహించుకుని గట్టిగా తొక్కినప్పుడు మాత్రమే అసలు దూరం తెలుస్తుంది. కారు నిలిపి, న్యూట్రల్‌లో పెట్టి చేయాలని వేరే చెప్పక్కర్లేదు. రోజూ ఏ చెప్పులతో నడుపుతారో అవే వేసుకుని రావాలి కూడా.

మా టీచరుగారు ఈ వరసలోనే చేశారు. ఎత్తు పెంచితే కన్ను పైకి వచ్చింది, పాదం పెడల్ నుంచి దూరమైంది. పాదం కోసం ముందుకు జరిగితే ఛాతీ స్టీరింగు మీదకు పోయింది. టేపు పెట్టి రొమ్ము ఎముక నుంచి స్టీరింగు నడి బొడ్డు దాకా కొలిస్తే పంతొమ్మిది సెంటీమీటర్లు. ఉండాల్సింది కనీసం ఇరవై అయిదు.

ఈ ఇరవై అయిదు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలి. 1990ల్లో అమెరికాలో ఎయిర్‌బ్యాగులు కొత్తగా అన్ని కార్లలోకి వస్తున్నప్పుడు, మామూలుగా ప్రాణం పోనక్కర్లేని చిన్న ప్రమాదాల్లో కొందరు ఎయిర్‌బ్యాగు దెబ్బకే చనిపోయారు. అలా పోయిన డ్రైవర్లలో స్టీరింగుకి అతుక్కుని కూర్చున్న పొట్టి మహిళలు చాలామంది. ఎయిర్‌బ్యాగు మెత్తగా ఉబ్బే దిండేం కాదు. సెకనులో ముప్ఫయ్యో వంతు కాలంలో పేలినట్టు బయటకు వస్తుంది. విచ్చుకోవడం మొదలయ్యే తొలి రెండు మూడు అంగుళాల మేరలోనే దాని దెబ్బ ప్రమాదకరం. దానికి తోడు కొంత వెసులుబాటు కలిపి అమెరికా రోడ్డు భద్రతా సంస్థ పది అంగుళాల దూరం పాటించమంది. 1998 నుంచి అక్కడ, అంత దూరంలో కూర్చోవడం ఎలాగూ కుదరని డ్రైవర్లు అనుమతి తీసుకుని ఎయిర్‌బ్యాగుకి స్విచ్ పెట్టించుకునే వీలు కూడా కల్పించారు. తర్వాత ఎయిర్‌బ్యాగులు మెరుగయ్యాయి, పొట్టి మహిళ బొమ్మతో పరీక్షలూ తప్పనిసరి అయ్యాయి. పది అంగుళాల సూత్రం మాత్రం అలాగే ఉంది. మన దేశంలో 2019 జులై నుంచి ప్రతి కొత్త కారులో డ్రైవరు ఎయిర్‌బ్యాగు తప్పనిసరి కనుక, ఇది ఇప్పుడు మనందరి కొలత కూడా. జానెడు కంటే కొంచెం ఎక్కువ అని గుర్తు పెట్టుకోవచ్చు, కానీ పొట్టివాళ్ల జాన కూడా పొట్టిదే కదా, టేపు పట్టుకెళ్లడమే మంచిది.

ఇక్కడే ఒక చిన్న లీవరు తేడా తెస్తుంది. స్టీరింగు కింద వేలితో లాగే ఆ లీవరు చాలా కార్లలో స్టీరింగుని పైకీ కిందికీ మాత్రమే కదుపుతుంది. దాన్ని టిల్ట్ అంటారు. కొన్నిట్లో ముందుకీ వెనక్కీ కూడా జరుగుతుంది, అది టెలిస్కోపిక్. జరిగేది నాలుగైదు సెంటీమీటర్లే. ఆ నాలుగైదు సెంటీమీటర్లే తల్లీ కొడుకులిద్దరికీ కావలసింది, అదీ ఎదురెదురు దిశల్లో. పొట్టి మనిషి పెడల్స్ కోసం ముందుకు వస్తుంది, స్టీరింగుని డ్యాష్‌బోర్డు వైపు నెట్టేస్తే ఛాతీకి చోటు దొరుకుతుంది. పొడుగు మనిషి కాళ్లు పట్టక వెనక్కి పోతాడు, స్టీరింగుని తన వైపు లాక్కుంటే చేతికి అందుతుంది. నా మట్టుకు నేను, ఎత్తులో తేడా ఉన్న ఇద్దరు ఒకే కారు నడిపే ఇంట్లో సన్‌రూఫ్, పెద్ద టచ్ స్క్రీన్, రంగురంగుల లైట్లు అన్నీ వదులుకునైనా టెలిస్కోపిక్ స్టీరింగు ఉన్నదే తీసుకోమంటాను.

టిల్ట్ మాత్రమే ఉన్న కారులో పొట్టివాళ్లకి ఒకటి రెండు ఉపాయాలున్నాయి. సీటు వీపుని ఒక మెట్టు వెనక్కి వాలిస్తే ఛాతీ రెండు మూడు సెంటీమీటర్లు దూరమవుతుంది. అయితే కన్ను కూడా కిందికి దిగుతుంది, అప్పుడు సీటు ఇంకో మెట్టు లేపాలి, లేపితే పాదం మళ్లీ దూరమవుతుంది. ఒకటి సర్దితే ఇంకోటి చెడుతుంది. స్టీరింగుని కిందికి దించుకోవడం మాత్రం నష్టం లేని పని. అంచు మీదుగా రోడ్డు కనపడుతుంది, ఎయిర్‌బ్యాగు మొహం వైపు కాకుండా ఛాతీ వైపు తిరిగి ఉంటుంది.

కింద దిండు వేసుకోవడం మన దగ్గర అందరికీ తెలిసిన వైద్యం. మెత్తటి దిండు మీద కూర్చుంటే ప్రమాదంలో అది నలిగిపోయి మనిషి నడుము బెల్టు కింద నుంచి ముందుకు జారిపోతుంది. బెల్టు తుంటి ఎముకల మీద నుంచి కడుపు మీదకి ఎక్కుతుంది, లోపలి అవయవాలు దెబ్బతినేది అక్కడే. తప్పనిసరైతే గట్టి ఫోమ్‌తో, అడుగున జారని రబ్బరుతో, సీటుకి కట్టేసే పట్టీలతో ఉన్నదాన్ని వాడాలి. వెనక వీపుకి దిండు పెట్టుకుంటే మనిషి మళ్లీ ఎయిర్‌బ్యాగు మీదకే పోతుంది, కాబట్టి దాని జోలికి పోవద్దు.

రెండో కారు పొడుగు హ్యాచ్‌బ్యాక్, మన దగ్గర 'టాల్ బాయ్' అని పేరుపడిన తరహా. 1998లో శాంత్రో, 1999లో వ్యాగన్ఆర్ వచ్చిన దగ్గర్నుంచి ఈ ఆకారం మనకి అలవాటే. వీటి పైకప్పు ఎత్తు, సీటు కుర్చీలా నిటారుగా ఉంటుంది, కిటికీ అద్దాలు పెద్దవి, బానెట్ పొట్టిది. టీచరుగారు అందులో కూర్చోగానే మొహం విప్పారింది. సీసా పరీక్షలో దగ్గరే కనపడింది. అదీగాక ఇది గేర్లు తనంతట తానే మారే రకం, క్లచ్ లేదు. పొట్టి కాళ్లవాళ్లకి దీనివల్ల వచ్చే లాభం చాలామంది లెక్కలోకి తీసుకోరు. మూడు పెడల్స్‌లో ఎక్కువ దూరం తొక్కాల్సింది క్లచ్‌నే. అది పోతే సీటు మూడు నాలుగు సెంటీమీటర్లు వెనక్కి జరపొచ్చు. ఆవిడ ఛాతీ దూరం ఇరవై నాలుగుకి వచ్చింది. వీపు ఒక మెట్టు వాలిస్తే ఇరవై అయిదు దాటింది.

తర్వాత అబ్బాయి కూర్చున్నాడు. పైకప్పుకీ తలకీ మధ్య బెత్తెడు పైనే ఖాళీ. ఇంకేం, అయిపోయింది అనుకున్నాడు సేల్స్ ఆయన. సీటు చివరి మెట్టు దాకా వెనక్కి పోయింది, మోకాళ్లు మాత్రం స్టీరింగుకి రెండు పక్కలా విచ్చుకునే ఉన్నాయి. కుడి మోకాలు తలుపు మీద ఉన్న హ్యాండిల్‌కి ఆనుతోంది, ఎడమది మధ్యలో ఉన్న ప్లాస్టిక్ పెట్టెకి. స్టీరింగు టిల్ట్ మాత్రమే, పైకి లేపితే మీటర్లు దాని వెనక దాక్కున్నాయి. భుజాలు సీటుకి ఆనించి చెయ్యి చాపితే మణికట్టు స్టీరింగు పైఅంచు మీద పడాలి, వీడికి వేళ్ల మొదళ్లే పడ్డాయి. అంటే మలుపు తిరిగేటప్పుడు ప్రతిసారీ వీపు సీటు వదిలి ముందుకు రావాలి. పొడుగువాళ్లని కారు అమ్మేవాళ్లు తలతో మాత్రమే కొలుస్తారు. వాళ్లని ఇబ్బంది పెట్టేది చాలాసార్లు తొడలు, మోకాళ్లు, పాదాలు. పెద్ద సైజు బూటు వేసుకుంటే బ్రేకుతో పాటు యాక్సిలరేటరు అంచు కూడా తగులుతుందేమో, బ్రేకు మీదికి పాదం ఎత్తినప్పుడు బూటు ముక్కు డ్యాష్‌బోర్డు కింద ఇరుక్కుంటుందేమో కూర్చుని చూసుకోవాలి.

పొడుగువాళ్ల చూపు కష్టాలు వేరు. సీటు వెనక్కి పోయిన కొద్దీ పక్క కిటికీ నుంచి చూడబోతే సీటు బెల్టు వేలాడే మధ్య స్తంభమే ఎదురవుతుంది. కన్ను ముందు అద్దం పైఅంచుకి దగ్గరగా ఉంటుంది కాబట్టి, సిగ్నల్ దగ్గర మొదటి బండిగా ఆగితే లైటు కనపడక మెడ వంచి కిందికి తొంగి చూడాలి. లోపలి అద్దం సరిగ్గా కంటి ఎత్తులో వచ్చి, ఎడమ వైపు నుంచి వచ్చే ఆటోని అలాగే మింగేస్తుంది. హెడ్‌రెస్ట్ కూడా చూడాలి. దాని పైభాగం కనీసం చెవుల పైదాకా, వీలైతే నడినెత్తి దాకా రావాలి. కింది వేరియంట్లలో సీటుతో కలిసి కుట్టేసిన హెడ్‌రెస్ట్ ఉంటుంది, పైకి లేవదు. ఆరడుగుల మనిషికి అది మెడ దగ్గరే ఆగిపోతుంది. వెనక నుంచి బండి గుద్దితే తల దాని మీదుగా వెనక్కి విరుచుకుంటుంది.

ఇద్దరికీ సమానంగా అడ్డమొచ్చేది ముందు అద్దానికి పక్కనుండే స్తంభం. మనం కుడి వైపు కూర్చుంటాం కాబట్టి కుడి స్తంభం కంటికి దగ్గర. దగ్గరైనది ఎక్కువ కప్పేస్తుంది. కుడికి తిరిగేటప్పుడు దాని వెనక ఒక స్కూటరు నిండా దాక్కోగలదు. ముందుకు జరిగి కూర్చునే పొట్టివాళ్లకి అది ఇంకా దగ్గర. టెస్ట్ డ్రైవ్‌లో తిన్నగా హైవే మీదకి తీసుకెళ్తారు, మీరు మాత్రం ఒక ఇరుకు సందులోకి, ఒక కుడి మలుపులోకి, ఒక ఫ్లైఓవరు ఎక్కుడులోకి పోనివ్వమని అడగండి. ఎక్కేటప్పుడు బానెట్ తప్ప ఏమీ కనపడకపోతే ఆ సంగతి అక్కడే తేలుతుంది.

మూడో కారు మామూలు ఎత్తు హ్యాచ్‌బ్యాక్. బయట నుంచి చూస్తే ఇద్దరికీ నప్పేలా అనిపించలేదు. అందులో సీటు ఎత్తు మారుతుంది, స్టీరింగు రెండు విధాలా జరుగుతుంది, గేర్లు ఆటోమేటిక్. టీచరుగారు సీటు పైకి లేపి, స్టీరింగు కిందికి దించి పూర్తిగా లోపలికి నెట్టారు. ఛాతీ దూరం ఇరవై ఏడు. సీటు అంచుకీ మోకాలి వెనక భాగానికీ మధ్య మూడు వేళ్లు పట్టాయి. ఈ మూడు వేళ్లు ముఖ్యం, సీటు పొడుగు ఎక్కువైతే పొట్టివాళ్ల వీపు వెనక్కి ఆనదు, నడుము నొప్పి అక్కడే మొదలవుతుంది. సీటు బెల్టు మెడని కోస్తోంది. పక్క స్తంభం మీద బెల్టు కొక్కెం ఎత్తు తగ్గించే ఏర్పాటు ఉంది కనుక రెండు మెట్లు దించితే భుజం మధ్యకి వచ్చింది.

అబ్బాయి వంతు వచ్చింది. సీటు అట్టడుగుకి దించి, వెనక్కి జరిపి, స్టీరింగు తన వైపు లాక్కున్నాడు. మణికట్టు అందింది, మోకాళ్లు స్వేచ్ఛగా ఉన్నాయి. తల మాత్రం పైకప్పుకి తగిలింది.

"వద్దమ్మా, స్పీడ్ బ్రేకరు వచ్చినప్పుడల్లా మొట్టికాయే" అన్నాడు.

పైకి చూస్తే విషయం తెలిసింది. సన్‌రూఫ్. ఆ అద్దం, అది జరిగే పట్టాలు, కప్పే తెర అన్నీ పైకప్పు కింద పేర్చాలి కాబట్టి లోపలి ఎత్తులో కొన్ని సెంటీమీటర్లు అది తినేస్తుంది. టెస్ట్ డ్రైవ్ కారు దాదాపు ఎప్పుడూ పై వేరియంటే ఉంటుంది, ఎందుకంటే షోరూము వాళ్లు అన్నీ చూపించాలనుకుంటారు. దీనివల్ల పొట్టివాళ్లు ఒక రకంగా, పొడుగువాళ్లు ఇంకో రకంగా మోసపోతారు. పొట్టివాళ్లు టెస్ట్ డ్రైవ్‌లో ఎత్తు మారే సీటు, జరిగే స్టీరింగు చూసి సంతోషపడి, బడ్జెట్ కోసం కింది వేరియంట్ బుక్ చేస్తారు. డెలివరీ రోజున ఆ రెండూ ఉండవు. పొడుగువాళ్లు సన్‌రూఫ్ ఉన్న కారులో తల తగిలి మొత్తం మోడలే పనికిరాదనుకుని వెళ్లిపోతారు, సన్‌రూఫ్ లేని వేరియంట్ వాళ్లకి చక్కగా పట్టేది. అందుకే కూర్చుని చూసేది, బుక్ చేసేది ఒకే వేరియంట్ అయ్యుండాలి. షోరూములో లేకపోతే గోడౌన్ నుంచి తెప్పించమనండి, లేదా ఆ వేరియంట్ ఇప్పటికే కొన్న వాళ్ల కారులో పది నిమిషాలు కూర్చోనివ్వమని అడిగించండి. ఎలక్ట్రిక్ కార్లకి కూడా ఇదే జాగ్రత్త. బ్యాటరీ నేల కింద పరిస్తే నేల పైకి వస్తుంది, సీటు అంతే ఎత్తులో ఉంటే పొడుగువాళ్ల తొడలు గాల్లో లేచి మోకాళ్లు పైకి వస్తాయి. అదే మోడల్ పెట్రోలు కారులో బాగుందని ఎలక్ట్రిక్ కూడా బాగుంటుందనుకోకూడదు.

మా వాళ్లకి అదృష్టం కలిసొచ్చింది. పై నుంచి రెండో వేరియంట్‌లో స్టీరింగు రెండు విధాలా జరుగుతుంది, సీటు లేస్తుంది, సన్‌రూఫ్ లేదు. అది రెండు రోజుల తర్వాత తెప్పించారు. అబ్బాయి తల మీద నాలుగు వేళ్లు పట్టాయి. సీటు వీపు బాగా వెనక్కి వాల్చి తల తప్పించుకోవడానికి మొదట ప్రయత్నించాడు, నేను వద్దన్నాను. అలా పడుకున్నట్టు కూర్చుంటే భుజం బెల్టుకీ ఛాతీకీ మధ్య ఖాళీ వస్తుంది, ప్రమాదంలో మనిషి ముందు ఆ ఖాళీ దూరం పోయాకే బెల్టు పట్టుకుంటుంది. నిటారుగా కూర్చుని ఖాళీ ఉందో లేదో చూడాలి.

ఒక లోపం మిగిలింది. అబ్బాయి నడిపేటప్పుడు అతని వెనక సీట్లో పెద్దవాళ్లు కూర్చోలేరు, మోకాళ్లు పట్టవు. వెనక కూర్చోవాల్సి వస్తే ఎడమ వైపే. ఆవిడ ఆ సంగతి కూర్చుని చూసి, "నేను ఎలాగూ ముందే కూర్చుంటాను, వెనక వాళ్ల నాన్న కూర్చుంటారులే" అన్నారు. నలుగురు పెద్దవాళ్లు రోజూ తిరిగే ఇల్లయితే ఈ కారు పనికిరాదు. అలాంటివాళ్లు పొడుగు డ్రైవరుని పూర్తిగా సర్దుకున్నాక, అతని వెనక ఒకరిని కూర్చోబెట్టి చూడకుండా డబ్బు కట్టకూడదు.

ఇద్దరు మార్చుకుంటూ నడిపే కారులో ప్రతిసారీ అద్దాలు, సీటు, స్టీరింగు, బెల్టు కొక్కెం అన్నీ మార్చాలి. ఖరీదైన కార్లలో ఒక మీట నొక్కితే సీటు, కొన్నిట్లో అద్దాలు కూడా ఎవరి కొలతకి వాళ్లకి వస్తాయి. మామూలు కార్లలో మెట్లు లెక్కపెట్టుకోవడమే దారి. సీటు పూర్తిగా ముందు నుంచి ఎన్ని మెట్లు, ఎత్తు లీవరుని అట్టడుగు నుంచి ఎన్నిసార్లు లాగాలి అని ఒక కాగితం మీద రాసి సన్ వైజర్ వెనక దోపుకోవచ్చు. శనివారం కొడుకు తీసుకెళ్లిన కారుని సోమవారం పొద్దున తొందరలో అలాగే ఎక్కి బయల్దేరడమే అన్నిటికంటే ప్రమాదం. సీటు వెనక్కి ఉంటే పాదం బ్రేకు సగం దాకానే అందుతుంది.

నాలుగున్నర అడుగుల కంటే కూడా తక్కువ ఎత్తున్నవాళ్లకి ఏ కారూ ఉన్నదున్నట్టుగా సరిపోకపోవచ్చు. వాళ్లకి పెడల్స్‌ని పైకి తెచ్చే అదనపు మెట్లు బిగిస్తారు. కొన్నేళ్ల క్రితం హైదరాబాద్‌లో సుమారు మూడడుగుల ఎత్తున్న ఒకాయన కారులో ఇలాంటి మార్పులు చేయించుకుని, నేర్చుకుని డ్రైవింగ్ లైసెన్సు తీసుకోవడం దేశమంతా వార్త అయింది. ఇందులో రెండు జాగ్రత్తలు. పెడల్ మెట్లు బోల్టులతో గట్టిగా బిగించినవి అయ్యుండాలి, తగిలించి తీసేసేవి నడుస్తుండగా జారి ఇంకో పెడల్ కింద ఇరుక్కోవచ్చు. రెండోది, ఇంట్లో మామూలు ఎత్తున్నవాళ్లు అదే కారు నడపాలంటే ఆ మెట్లు వాళ్ల పాదాలకి అడ్డం. బండి నిర్మాణంలో మార్పు కనుక దీనికి రవాణా శాఖ అనుమతి కావాలి, ఆర్‌సీలో నమోదు చేయించాలి, బీమా కంపెనీకి తెలియజేయాలి. మెకానిక్ దగ్గర పని మొదలుపెట్టే ముందే ఆర్టీఓ ఆఫీసులో ఏ కాగితాలు కావాలో అడిగి తెలుసుకుంటే, బిగించినవి మళ్లీ ఊడదీయాల్సిన పని పడదు.